"వాడే రైతుతో మాట్లాడించండి" అన్నారా? ఇలా చేయండి

మీరు ఏరియేటర్లు అమ్ముతున్నారు. కొల్లేటికోట నుంచి కైకలూరు వచ్చే దారిలో ఒక చేపల రైతును కలిశారు. ఆయన ధర విన్నారు, మోటారు చూశారు. చివర్లో, "మీ మిషన్లు వాడే రైతు ఎవరైనా ఉంటే ఓసారి మాట్లాడించండి" అన్నారు.

కంగారు పడకండి. కొనే ఆలోచన లేని రైతు ఇంకొకరికి ఫోన్ చేసి టైమ్ పాడుచేసుకోరు. అలాగని వెంటనే నంబర్ ఇచ్చేయకండి. ముందు ఈ ప్రశ్న వేయండి.

"తప్పకుండా అండి. ఆయన్ని ముఖ్యంగా ఏం అడగాలనుకుంటున్నారు?"

అసలు భయం అప్పుడు బయటికొస్తుంది. "తెల్లవారుజామున మోటారు ఆగిపోతే మీవాళ్లు ఎంతసేపటికి వస్తారు?" అంటారాయన. ఆ భయంలో న్యాయం ఉంది. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లారేముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో మిషన్ ఆగితే చేప తేలిపోతుంది.

ఇక ఇలా నడవండి.

1. సరిపోయే రైతును ఎంచండి. ఆకివీడు వైపు చిన్న రొయ్యల చెరువు రైతు ఎంత మెచ్చుకున్నా, పెద్ద చెరువులో శీలావతి, బొచ్చె పెంచే ఈయనకు నమ్మకం కుదరదు. అదే పంట, అంతే పెద్ద చెరువు, కనీసం ఒక పంటకాలం వాడిన అనుభవం చూడండి. ఈయన అడిగింది సర్వీసు గురించి. కాబట్టి మోటారు కాలిపోతే మీరు బాగుచేయించిన రైతే సరైన మనిషి.

2. ముందు ఆ పాత కస్టమర్ అనుమతి అడగండి. "మీ నంబర్ ఇవ్వమంటారా? ఏ టైమ్‌లో చేస్తే వీలు?" అనండి. మేత వేసే వేళ, రాత్రి కాపలా కాసి నిద్రపోయే వేళ వదిలేయండి.

3. మాటలు నేర్పకండి. "జరిగింది జరిగినట్టు చెప్పండి" అంటే చాలు. కమీషన్ అసలే వద్దు. అది తెలిసిన రోజున ఇద్దరి నమ్మకమూ పోతుంది.

4. తర్వాతి అడుగు గురించి కొనే రైతుతో ముందే మాట్లాడుకోండి. "ఆయన మాటతో మీకు తృప్తి కలిగితే, ఈ వారంలో రెండు మిషన్లు దింపుదామా?" అని అడగండి.

5. వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మర్నాడే కొనే రైతుకు ఫోన్ చేయండి. "ఇంకా ఏ అనుమానం మిగిలింది?" అనండి. సహాయం చేసిన రైతుకు కూడా థాంక్స్ చెప్పండి.

మీ దగ్గర అలాంటి కస్టమర్ ఇంకా లేరా? లేరనే చెప్పండి. ఒక మిషన్ ఆయన చెరువులోనే ట్రయల్ పెట్టండి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసివ్వండి.

అడిగాక వెతుక్కోవడం ఆలస్యం. ఈ రోజే ముగ్గురు పాత కస్టమర్లకు ఫోన్ చేయండి. మిషన్ ఎలా నడుస్తోందో కనుక్కోండి. కొత్త రైతులతో మాట్లాడడానికి ఇష్టమేనా అని అడిగి, పేర్లు రాసి పెట్టుకోండి.