కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలు: ఆవాస నమూనాలు

ఎల్లారెడ్డి ప్రాంతంలో వాన నమ్మదగినది కాదు. అందుకే పాత ఊళ్లు చెరువు దగ్గర, ముంపు తగలని మెరకపై ఇళ్లన్నీ ఒకచోట చేరి ఏర్పడ్డాయి, పొలాలు చుట్టూ మిగిలాయి. ఇది కేంద్రీకృత ఆవాసం. నీరు ఒకేచోట ఉండటం, కలిసి ఉంటే దొరికే రక్షణ దీనికి కారణాలు.

కామారెడ్డి మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి వెంట ఇళ్లు, దుకాణాలు బారుగా పెరిగితే అది రేఖీయం. కాలువ గట్లు, నదీ తీరాలూ ఇలాంటి వరుసలనే పెంచుతాయి.

గాంధారి వైపు తండాల దగ్గరే పరీక్ష రాసే అభ్యర్థులు పొరబడతారు. తండాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నా, ఒక్కో తండాలో ఇళ్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. కాబట్టి ఇది పూర్తి విక్షిప్తం కాదు. ఎవరి పొలంలో వారి ఇల్లు విడిగా ఉంటేనే విక్షిప్తం. కొండలు, అడవులు, చెదురుమదురు సాగుభూమి దానికి అనుకూలం.