పాసైన చెవికి మళ్ళీ పరీక్ష ఎందుకు?

గుంటూరు,
నవంబరు 18

చి. సౌ. చిన్నమ్మాయికి,

నువ్వు ఫోన్లో పంపిన డిశ్చార్జి కాగితం రెండుసార్లు చదివాను. చంటాడు బరువు పెరుగుతున్నాడన్నావు, సంతోషం. కాకపోతే నువ్వు చివర్లో తేలిగ్గా అనేసిన మాట ఒకటి మనసులో పడింది. "చెవుల టెస్టు పాసయింది పెద్దమ్మా, మళ్ళీ రమ్మన్నారు గానీ పత్తి తీతలయ్యాక చూద్దాంలే అంటున్నారు ఈయన" అన్నావు. పసిపిల్లల వార్డులో ఉద్యోగమంతా గడిపినదాన్ని. ఆ 'పాస్' అన్న మాటను ఎంతవరకు నమ్మాలో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కాగితంలో ఏముందో చూడు. ముప్ఫై వారాలకు, జులై 12న పుట్టాడు. బరువు 1200 గ్రాములు. ఆరు రోజులు సీపాప్ మీద ఉన్నాడు. ఇన్ఫెక్షన్ అనుమానంతో అమికాసిన్ ఏడు రోజులిచ్చారు. కామెర్లకు లైటు కింద పెట్టారు. ఇంటికి పంపేముందు ఓఏఈ చేశారు, రెండు చెవులూ పాస్. ఐసీయూలో ఐదు రోజులు దాటి ఉండటం, అమికాసిన్, జెంటామైసిన్ లాంటి మందులు ఐదు రోజులు దాటి వాడటం, ఈ రెండూ వినికిడి ముప్పు జాబితాలో ఉన్నవే. మామూలుగా పుట్టిన పిల్లల్లో వినికిడి లోపం వెయ్యికి ఒకరు నుంచి ముగ్గురికి ఉంటే, ఐసీయూలో ఉండి వచ్చినవాళ్ళలో నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఉంటుంది. మందు వాడటం తప్పని నేననను. నెత్తురులో ఇన్ఫెక్షన్ పాకితే నెల తక్కువ బిడ్డ బతకడమే కష్టం. మందు ఇచ్చినందుకు ఆ తర్వాత చెవులు చూపించుకోవడం మన పని.

ఇక ఓఏఈ సంగతి. చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి శబ్దం పంపుతారు. లోపలి చెవిలో, అంటే కాక్లియాలో, సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. అవి బాగుంటే ఆ శబ్దానికి బదులుగా తాము కూడా ఓ చిన్న ధ్వని చేస్తాయి. మిషను పట్టుకునేది దాన్నే. ఆ కణాల నుంచి మెదడుకు కబురు మోసే నరం ఎలా ఉందో ఓఏఈకి తెలియదు. పెళ్ళిపందిట్లో మైకు బాగానే ఉండి వైరు దెబ్బతింటే మాట బయటికి రానట్టే ఇదీను. ఊపిరి సరిగా అందకపోయినా, కామెర్లు మరీ ఎక్కువైనా ముందు దెబ్బతినేది ఈ నరం దారే. అందుకే ఐసీయూ పిల్లలకు ఓఏఈ ఒక్కటే చాలదు, బెరా కూడా చెయ్యాలి. మీ కాగితంలో బెరా ఊసే లేదు.

బెరా అంటే భయపడకు. సూది లేదు, నొప్పి లేదు. నుదుటి మీద, చెవుల వెనక చర్మాన్ని పేస్టుతో శుభ్రం చేసి చిన్న బిళ్ళలు అంటిస్తారు. చెవిలో టకటకమని శబ్దాలు వినిపిస్తూ, మెదడు కాండం దాకా ఆ కబురు చేరిందో లేదో తెర మీద అలల్లో చూస్తారు. శబ్దం తగ్గించుకుంటూ పోయి, ఐదో అల ఎక్కడ మాయమవుతుందో గుర్తిస్తారు. బిడ్డ గాఢంగా నిద్రపోవాలి, అదొక్కటే షరతు. మనవాళ్ళు తప్పేది కూడా ఇక్కడే. బస్సులో కుదుపులకు బిడ్డ హాయిగా పడుకుంటాడు, ఆస్పత్రికొచ్చేసరికి కళ్ళు విప్పుకుని కూర్చుంటాడు. చిలకలూరిపేట దాటాక వాణ్ణి ఆడిస్తూ మెలకువగా ఉంచు. పాలు అక్కడికొచ్చాకే పట్టు. నిద్రమందు ఇస్తామంటే మాత్రం వీడు నెల తక్కువగా పుట్టాడనీ, ఆస్పత్రిలో మధ్యమధ్య ఊపిరి ఆగిన బిడ్డ అయితే ఆ సంగతీ ముందే చెప్పు.

బెరా బాగోలేదన్నా అప్పుడే ఏడుపు మొదలెట్టకు. నెల తక్కువ పిల్లల్లో నరం పై పొర ఇంకా ముదరదు. కొందరికి మొదట అలలు సరిగా రాకపోయినా నెలలు గడిచాక వస్తాయి. మళ్ళీ మళ్ళీ చూడటానికి ఇదీ ఒక కారణమే.

మీ అత్తగారు ఉయ్యాల వెనక స్టీలు పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడ్డాడన్నావు. పళ్ళెం మోత చాలా పెద్దది. సగం వినికిడి పోయిన బిడ్డ కూడా దానికి ఉలిక్కిపడతాడు. అమికాసిన్ లాంటి మందు ముందు చెరిపేది సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలను. అలాంటి బిడ్డకు తలుపు చప్పుడు, ట్రాక్టరు మోత, మీ మామగారి కేక వినిపిస్తాయి. 'స', 'శ', 'చ' లాంటి అక్షరాలు మాత్రం జారిపోతాయి. పైగా ఆ మందు ఆపేశాక కూడా లోపలి చెవి ద్రవంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఆగస్టులో పాసైన చెవి తర్వాత మందగించడానికి ఒక దారి అదే. "ఊ కొడుతున్నాడుగా" అని కూడా ధీమా పడొద్దు. మూడు నాలుగు నెలలకు వినపడని పిల్లలు కూడా ఊ కొడతారు. తేడా తెలిసేది తర్వాత, 'బబబ', 'తాతతా' అంటూ అక్షరాలు గుప్పించాల్సిన వయసులో.

ఇప్పుడు తేదీలు చెబుతాను, క్యాలెండరు మీద రాసుకో. వీడి అసలు పురుటి తేదీ సెప్టెంబరు 20. డాక్టర్లు వయసును దాన్నుంచే లెక్కిస్తారు, సవరించిన వయసంటే అదే. లోపం ఉందో లేదో మూడో నెల నిండేలోగా తేలాలి, ఉంటే ఆరో నెలలోగా వినికిడి మిషను పెట్టాలి. అంటే బెరా డిసెంబరు 20 లోపు అయిపోవాలి. పత్తి తీతలు అయ్యేదాకా అంటే కుదరదు.

ఆ తర్వాత వాడి తొమ్మిది నెలల వయసులో మరోసారి. ఈ వయసుకు కారణం ఉంది. ఇప్పటిదాకా చూసినవి కణం, నరం. విన్నదాన్ని బిడ్డ పట్టించుకుంటున్నాడా అన్నది వాణ్ణే అడగాలి. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి పక్కనుంచి శబ్దం చేస్తారు, తల తిప్పితే ఒక బొమ్మ వెలుగుతుంది. తల నిలిపి తిప్పగల వయసు రానిదే ఆ పరీక్ష కుదరదు. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో కూడా అప్పుడే చూస్తారు. పుట్టిన తేదీ లెక్కన అది ఏప్రిల్ 12, మిరపకోతలు, కల్లాలు, యార్డు హడావుడి అన్నీ ఒక్కసారి మీద పడే రోజులు. సవరించిన లెక్కన అప్పటికి ఏడు నెలలు కూడా నిండవు. వాడు సహకరించకపోతే జూన్‌లో మళ్ళీ రమ్మంటారు, విసుక్కోకుండా వెళ్ళాలి. అది బాగున్నా రెండేళ్ళు నిండేటప్పుడు ఇంకోసారి చూపించాలి.

ఖర్చు గురించి అల్లుడుగారు ఆలోచిస్తుంటే ఆశా కార్యకర్తను అడగమను. పిల్లల వినికిడి లోపం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఉంది. జిల్లా స్థాయి డీఈఐసీకి పంపించడం దానిలో భాగమే. మీకు ఒంగోలు దగ్గరైతే అక్కడికే వెళ్ళండి, గుంటూరే రావాలని లేదు. ఆడియాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో, బెరా మిషను పనిచేస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

గుంటూరు వస్తానంటే డిసెంబరు మొదటి వారంలో రా, మా ఇంట్లో దిగు. డిశ్చార్జి ఫైలు మొత్తం తీసుకురా, ఫోన్లో ఫోటో చాలదు. మందులు ఎన్ని రోజులిచ్చారో, కామెర్లు ఎంతదాకా పెరిగాయో ఆ కాగితాల్లోనే ఉంటుంది, ఆడియాలజిస్టు ముందు అడిగేది అదే.

మీ
పెద్దమ్మ