దీర్ఘకాలిక డీప్ ఇన్ ద మనీ కాల్: షేరుకు ప్రత్యామ్నాయం ఎంతవరకు?

నేపథ్యం

షేర్ల మీద ఆప్షన్లకు వ్యవస్థీకృత మార్కెట్ 1973 ఏప్రిల్ 26న అమెరికాలో మొదలైంది. ఆ రోజు షికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్ఛేంజీ 16 కంపెనీల షేర్లపై కాల్ ఆప్షన్లను ప్రవేశపెట్టింది. మొదట్లో వాటి గడువు తొమ్మిది నెలలకు మించేది కాదు. 1990లో అదే ఎక్స్ఛేంజీ ఏడాదికి పైబడిన గడువు గల ఆప్షన్లను 'లీప్స్' పేరుతో తెచ్చింది. ఇవి సాధారణంగా జనవరి నెలలో మూడో శుక్రవారం ముగుస్తాయి. ఒక కాంట్రాక్టు 100 షేర్లకు సమానం.

లీప్స్ వచ్చాక ఒక పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. షేరును పూర్తి ధర పెట్టి కొనకుండా, ప్రస్తుత ధర కంటే చాలా తక్కువ స్ట్రైక్ ధర ఉన్న దీర్ఘకాలిక కాల్‌ను కొని, దానిని షేరు స్థానంలో ఉంచుకోవడం ఈ పద్ధతి. దీనినే 'షేరు ప్రత్యామ్నాయం' అంటారు.

నిర్వచనాలు

కాల్ ఆప్షన్: నిర్ణీత ధరకు, నిర్ణీత గడువులోగా షేరును కొనే హక్కు. కొని తీరాలన్న బాధ్యత కొనుగోలుదారుకు ఉండదు. ఆ నిర్ణీత ధరే స్ట్రైక్ ధర. హక్కు కోసం చెల్లించే మొత్తం ప్రీమియం.

అంతర్గత విలువ: షేరు ప్రస్తుత ధర నుంచి స్ట్రైక్ ధరను తీసివేస్తే వచ్చేది. ఫలితం రుణాత్మకమైతే అంతర్గత విలువ సున్నా.

కాల విలువ: ప్రీమియం నుంచి అంతర్గత విలువను తీసివేయగా మిగిలేది. గడువు నాటికి ఇది సున్నా అవుతుంది.

డీప్ ఇన్ ద మనీ: స్ట్రైక్ ధర షేరు ధర కంటే బాగా కింద ఉండి, ప్రీమియంలో అత్యధిక భాగం అంతర్గత విలువే అయిన స్థితి.

డెల్టా: షేరు ధర ఒక డాలరు మారినప్పుడు ఆప్షన్ ధర ఎంత మారుతుందో తెలిపే సంఖ్య. ప్రత్యామ్నాయంగా వాడే కాల్‌కు ఇది సాధారణంగా 0.80 లేదా అంతకంటే ఎక్కువ ఉండేలా చూస్తారు.

ఉదాహరణ

ఒక అమెరికన్ కంపెనీ షేరు ధర 100 డాలర్లు అనుకుందాం. ఏటా షేరుకు 2 డాలర్ల డివిడెండ్ ఇస్తుంది. రెండేళ్ల గడువు, 70 డాలర్ల స్ట్రైక్ ఉన్న కాల్ ప్రీమియం 34 డాలర్లు. ట్రెజరీ బిల్లులపై వడ్డీ ఏటా 4 శాతం.

ఈ ప్రీమియంలో అంతర్గత విలువ 30 డాలర్లు, కాల విలువ 4 డాలర్లు. డెల్టా సుమారు 0.85. అంటే షేరు ఒక డాలరు పెరిగితే కాల్ దాదాపు 85 సెంట్లు పెరుగుతుంది. స్ట్రైక్‌కు ప్రీమియం కలిపితే వచ్చే 104 డాలర్లు లాభనష్టాలు లేని ధర. గడువునాడు షేరు ఆ స్థాయి దాటితేనే కాల్ కొన్నవారికి ఆప్షన్‌పై నికర లాభం.

100 షేర్లు కొనడానికి 10,000 డాలర్లు కావాలి. ఒక కాంట్రాక్టుకు 3,400 డాలర్లు చాలు. మిగిలిన 6,600 డాలర్లను ట్రెజరీ బిల్లుల్లో పెడితే, సాధారణ వడ్డీ లెక్కన రెండేళ్లలో 528 డాలర్లు వస్తాయి.

అదనపు చెల్లింపు దేనికి?

షేరుతో పోలిస్తే కాల్ కొన్నవారికి రెండు ఖర్చులున్నాయి. కాల విలువ కింద 400 డాలర్లు పోతాయి. రెండేళ్లలో వాటాదారుకు అందే 400 డాలర్ల డివిడెండ్ వీరికి రాదు. మొత్తం 800 డాలర్లు. ఇందులో 528 డాలర్లను వడ్డీ తిరిగి తెస్తుంది. మిగిలిన 272 డాలర్లే అసలు ఖర్చు.

ఈ 272 డాలర్లు ఒక రక్షణకు చెల్లించిన ధర. షేరు 70 డాలర్ల కంటే ఎంత కిందికి పడినా కాల్‌పై నష్టం 3,400 డాలర్లను దాటదు. అందుచేత డీప్ ఇన్ ద మనీ కాల్‌ను మూడు భాగాలుగా విడదీసి గుర్తుంచుకోవాలి: ఒక షేరు, స్ట్రైక్ ధరకు సమానమైన అప్పు, ఆ స్ట్రైక్ వద్ద ఒక పుట్ ఆప్షన్. పుట్-కాల్ సమతా సూత్రం చెప్పేదీ ఇదే. కాల విలువలో కొంత ఆ అప్పుపై వడ్డీ, మిగిలినది పుట్ ధర. రాబోయే డివిడెండ్ల మేరకు కాల్ ధర తగ్గి ఉంటుంది.

గడువునాటి ఫలితాలు

కింది పట్టికలో మొదటి వ్యక్తి 100 షేర్లు కొన్నాడు. రెండో వ్యక్తి ఒక కాల్ కొని 6,600 డాలర్లను ట్రెజరీ బిల్లుల్లో ఉంచాడు. డివిడెండ్, వడ్డీ రెండూ లెక్కలో కలిశాయి.

| గడువునాడు షేరు ధర | షేర్లు కొన్నవారు | కాల్, బిల్లులు కొన్నవారు |
|---|---|---|
| 130 డాలర్లు | 3,400 లాభం | 3,128 లాభం |
| 100 డాలర్లు | 400 లాభం | 128 లాభం |
| 70 డాలర్లు | 2,600 నష్టం | 2,872 నష్టం |
| 50 డాలర్లు | 4,600 నష్టం | 2,872 నష్టం |

షేరు 70 డాలర్లు లేదా అంతకంటే పైన ముగిస్తే రెండో వ్యక్తి ప్రతిసారీ సరిగ్గా 272 డాలర్లు వెనకబడతాడు. 67.28 డాలర్ల వద్ద ఇద్దరి నష్టం సమానమవుతుంది. అంతకంటే దిగువన కాల్ కొన్నవారిదే పైచేయి.

పొరపాటు జరిగేచోటు

పై ఫలితం 6,600 డాలర్లను విడిగా ఉంచినప్పుడే నిజం. 10,000 డాలర్లకు కాస్త కలిపి 10,200 డాలర్లతో మూడు కాంట్రాక్టులు కొన్నవారి స్థితి వేరు. వారు 300 షేర్ల కదలికను మోస్తున్నారు. రెండేళ్ల తర్వాత షేరు 100 వద్దే ఉంటే చేతికి 9,000 డాలర్లే వస్తాయి. ధర కదలకపోయినా 1,200 డాలర్లు పోయినట్టే. షేరు 70కి దిగితే మొత్తం పెట్టుబడి పోతుంది. అదే పతనంలో వాటాదారు ధరపై 30 శాతమే నష్టపోతాడు, అతని షేర్లు అతని దగ్గరే ఉంటాయి. ప్రత్యామ్నాయానికీ, అప్పుతో కూడిన జూదానికీ తేడాను నిర్ణయించేది కాంట్రాక్టుల సంఖ్యే.

వాటాదారుకు ఉండి, కాల్ కొన్నవారికి లేనివి

1. డివిడెండ్: సాధారణ నగదు డివిడెండ్‌కు కాంట్రాక్టులో ఎలాంటి సవరణ ఉండదు. కావాలంటే ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందే హక్కును వినియోగించి షేర్లు తీసుకోవాలి. అమెరికాలో షేరు ఆప్షన్లు అమెరికన్ తరహావి కనుక గడువులోపు ఏ రోజైనా ఇది సాధ్యం. అయితే అలా చేస్తే మిగిలి ఉన్న కాల విలువ పోతుంది. కనుక కాల విలువ రాబోయే డివిడెండ్ కంటే తక్కువైనప్పుడే ఆ ఆలోచన చేయాలి.

2. ఓటు హక్కు: వార్షిక సర్వసభ్య సమావేశంలో ఓటు వాటాదారుదే. హక్కును వినియోగించి షేర్లు పొందేవరకు కాల్ ఉన్నవారు కంపెనీకి సంబంధం లేనివారు.

3. కాలం: షేరుకు గడువు లేదు. ధర పడితే వాటాదారు ఐదేళ్లయినా ఎదురుచూడవచ్చు. కాల్ ఉన్నవారు గడువు తర్వాత కోలుకున్న ధర నుంచి ఏమీ పొందరు.

4. స్థిరమైన డెల్టా: షేరు డెల్టా ఎప్పుడూ 1. కాల్ డెల్టా ధరతోపాటు మారుతుంది. ఉదాహరణలోని షేరు ఆరు నెలల తర్వాత 80 డాలర్లకు దిగితే డెల్టా సుమారు 0.72కు తగ్గుతుంది. అక్కడి నుంచి షేరు కోలుకునే మొదటి దశలో కాల్ వెనకబడే ఉంటుంది.

కార్పొరేట్ చర్యలు

స్టాక్ స్ప్లిట్ జరిగితే కాంట్రాక్టును సవరిస్తారు. ఒకటికి రెండు షేర్ల స్ప్లిట్‌లో 70 డాలర్ల స్ట్రైక్ గల ఒక కాంట్రాక్టు, 35 డాలర్ల స్ట్రైక్ గల రెండు కాంట్రాక్టులుగా మారుతుంది. విలువ మారదు. కంపెనీని పూర్తి నగదుకు మరో సంస్థ కొనేస్తే మాత్రం దీర్ఘకాలిక కాల్ ముందుగానే ముగుస్తుంది. షేరుకు 110 డాలర్ల నగదు ఇస్తే, 70 స్ట్రైక్ కాల్‌కు దక్కేది 40 డాలర్లే. మిగిలిన గడువుకు చెల్లించిన కాల విలువ తిరిగి రాదు.

ఆచరణలో చిక్కులు

దీర్ఘ గడువు, లోతైన స్ట్రైక్ ఉన్న కాంట్రాక్టుల్లో లావాదేవీలు తక్కువ. అందువల్ల కొనుగోలు, అమ్మకం ధరల మధ్య అంతరం పెద్దది. తెరపై 33, 35 డాలర్లు కనిపించిందనుకుందాం. 35కు కొని వెంటనే అమ్మితే 33 వస్తుంది. ఒక్క కాంట్రాక్టుపై 200 డాలర్లు పోయినట్టు. ఉదాహరణలో రక్షణకు చెల్లించిన 272 డాలర్లతో పోలిస్తే ఇది చిన్న మొత్తం కాదు. కాబట్టి మార్కెట్ ఆర్డర్ వేయరాదు. మధ్య ధర దగ్గర లిమిట్ ఆర్డర్ వేయాలి.

గడువునాడు కాల్ కనీసం ఒక్క సెంటు ఇన్ ద మనీలో ఉన్నా, వేరే ఆదేశం లేకపోతే ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ నిబంధనల ప్రకారం దానంతట అదే వినియోగమవుతుంది. అప్పుడు ఒక్కో కాంట్రాక్టుకు 7,000 డాలర్లు ఖాతాలో ఉండాలి. అంత డబ్బు లేనివారు గడువుకు ముందే కాల్‌ను అమ్మేయాలి.

అమెరికా పన్ను నిబంధనల్లోనూ ఒక మెలిక ఉంది. ఏడాదికి మించి ఉంచుకున్న కాల్‌ను అమ్మితే లాభం దీర్ఘకాలిక మూలధన లాభమవుతుంది. అమ్మకుండా హక్కును వినియోగిస్తే షేరు కొనుగోలు ధర 104 డాలర్లుగా లెక్కకు వస్తుంది, ఆ షేరు కాలపరిమితి మాత్రం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాల్‌ను ఉంచుకున్న కాలం దానికి కలవదు.

భారతదేశంలో పరిస్థితి

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో విడి షేర్లపై ఆప్షన్లు మూడు నెలల గడువు వరకే దొరుకుతాయి. అవి 2011 నుంచి యూరోపియన్ తరహావి. అంటే హక్కు వినియోగం గడువునాడే సాధ్యం. ప్రస్తుతం వాటి పరిష్కారం షేర్ల భౌతిక బదిలీ ద్వారా జరుగుతుంది. అందువల్ల విడి షేరుకు దీర్ఘకాలిక ప్రత్యామ్నాయం ఇక్కడ కుదరదు. నిఫ్టీ సూచీపై మాత్రం 2008 మార్చి నుంచి దీర్ఘకాలిక ఆప్షన్లున్నాయి. వాటిలో దూరపు గడువుల్లో లావాదేవీలు పలుచన.

భారత నివాసులు సరళీకృత చెల్లింపు పథకం కింద విదేశీ ఎక్స్ఛేంజీలకు మార్జిన్ల కోసం డబ్బు పంపడాన్ని రిజర్వ్ బ్యాంక్ నిషేధించింది. అమెరికాలో నివసించే తెలుగువారికి ఈ ఆంక్ష వర్తించదు.

గుర్తుంచుకోవాల్సినవి

- లీప్స్ ప్రారంభం: 1990. ఒక కాంట్రాక్టు: 100 షేర్లు.
- కాల విలువ = ప్రీమియం − అంతర్గత విలువ.
- లాభనష్టాలు లేని ధర = స్ట్రైక్ + ప్రీమియం.
- డీప్ ఇన్ ద మనీ కాల్ = షేరు + అప్పు + పుట్ రక్షణ, డివిడెండ్ మినహా.
- ఓటు, డివిడెండ్, అపరిమిత కాలం వాటాదారుకే ఉంటాయి. పరిమిత నష్టం, తక్కువ పెట్టుబడి కాల్ కొన్నవారికి ఉంటాయి.
- కాల్ షేరుకు ప్రత్యామ్నాయం కావాలంటే 100 షేర్లకు ఒక్క కాంట్రాక్టే కొని, మిగిలిన నగదును సురక్షితంగా ఉంచాలి.