ఏ రద్దు, దేని రద్దు?

ప్రశ్న: బస్సు టికెట్ రద్దు చేసుకుందామని నొక్కితే ‘టికెట్ రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘రద్దు చేయి’, ‘సరే’ అని రెండు బటన్లు చూపింది. ‘రద్దు చేయి’ నొక్కాను. టికెట్ రద్దు కాలేదు, డబ్బు పోయింది. తప్పు నాదేనా?

జవాబు: మీది కాదండీ, ఆ మాటలు రాసినవారిది. మీరు ప్రశ్నకు జవాబు చెప్పారు. కంప్యూటర్ మాత్రం ‘ఈ ప్రశ్న వద్దు, వెనక్కి వెళ్లు’ అన్నట్టు తీసుకుంది.

వెబ్‌సైట్లలో దీనికి తరచూ కనిపించే కారణం ఒకటుంది. జావాస్క్రిప్ట్‌లో ఈ ఒక్క వరుస రాస్తే చాలు, ప్రశ్న పెట్టె వచ్చేస్తుంది:

```
confirm("టికెట్ రద్దు చేయాలా?")
```

కానీ అందులోని బటన్ల పేర్లు బ్రౌజర్ ఇచ్చేవి, ఇంగ్లీషులో OK, Cancel. ప్రోగ్రామర్ వాటిని మార్చలేడు. ‘ఫైలు తొలగించాలా?’ అన్నప్పుడు ఇబ్బంది ఉండదు. అడిగే పనే రద్దు అయినప్పుడు ఒకే మాట రెండు వైపులా లాగుతుంది. తెలుగులోకి మార్చేటప్పుడు Cancelను ‘రద్దు చేయి’ అంటే చిక్కు ఇంకా బిగుస్తుంది. ‘వద్దు’ అంటే కొంత నయం.

అసలు మందు సొంత పెట్టె కట్టుకుని, బటన్ మీద జరగబోయే పనినే రాయడం: ‘టికెట్ రద్దు చేయి’, ‘టికెట్ ఉంచు’. ప్రశ్న చదవకుండా బటన్లే చూసినా అర్థం కావాలి. ‘అవును, కాదు’ నాకు అందుకే నచ్చవు.

ఇలాంటి పెట్టె మళ్లీ ఎదురై అనుమానం వస్తే ఏ బటనూ నొక్కకుండా Esc కీ నొక్కండి. మామూలుగా టికెట్ అలాగే ఉంటుంది. రద్దు చేశాక మాత్రం బుకింగ్ పేజీలో టికెట్ స్థితిని తప్పక చూసుకోండి.