పగటి దోమకు ఒక ప్లాన్.. రాత్రి దోమకు ఇంకో ప్లాన్!

దోమలు పెరగ్గానే మనం ఏం చేస్తాం? కాయిల్ వెలిగిస్తాం. బ్యాట్ పట్టుకుంటాం. ఫాగింగ్ బండి రాలేదని ఫోన్ చేస్తాం. అయినా దోమలు తగ్గవు. ఎందుకంటే ఒక ప్రశ్న వేసుకోవడం మర్చిపోతాం. మిమ్మల్ని కుడుతున్నది ఏ దోమ?

జవాబు కోసం ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు. గడియారం చూడండి చాలు.

పగలు కుడితే: పొద్దున, సాయంత్రం వెలుగు ఉండగానే, చప్పుడు లేకుండా చీలమండల దగ్గర కుడుతోందా? నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల చారలు ఉన్నాయా? అది ఏడిస్. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చేది ఇదే. మంచినీళ్లలో పుడుతుంది. ఎక్కువ దూరం ఎగరదు. కాబట్టి అది పుట్టిన చోటు మీ ఇల్లో, పక్కిల్లో అయి ఉంటుంది.

రాత్రి కుడితే: లైటు తీశాక చెవి దగ్గర గుయ్‌మంటోందా? అది చాలావరకు క్యూలెక్స్. మురికినీళ్లు దీని పుట్టిల్లు. అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా నల్లకుంట వైపు వెళ్లే హుస్సేన్‌సాగర్ నాలా చుట్టుపక్కల ఉండేవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు.

రెండు దోమలు, రెండు ప్లాన్లు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ప్లాన్ 1: పగటి దోమకు బ్రష్

రాంనగర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు తీసుకుందాం. పిల్లలు సాయంత్రం హోంవర్క్‌కి కూర్చుంటే కాళ్ల మీద దద్దుర్లు. ఇంట్లోవాళ్లు నాలాని తిట్టుకుంటున్నారు. కానీ కుట్టేది పగలు. అంటే వెతకాల్సింది నాలాలో కాదు, డాబా మీద.

పైకి వెళ్లి చూస్తే నీళ్ల డ్రమ్ము ఉంది. నల్లా నీళ్లు రోజూ రావు కదా, అందుకని నింపి పెట్టుకున్నారు. మూత ఉంది, కానీ ఒక పక్క పగిలింది. టార్చ్ వేసి చూడండి. వెలుగు పడగానే సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతూ కిందికి దిగిపోతాయి. అవే లార్వాలు. ఒక్క నిమిషం కదలకుండా నిలబడండి. గాలి పీల్చుకోవడానికి మళ్లీ పైకి వస్తాయి.

ఇప్పుడు చాలామంది ఏం చేస్తారు? నీళ్లు పారబోసి, మళ్లీ నింపేస్తారు. కొద్ది రోజుల్లో మళ్లీ లార్వాలు! కారణం చెప్తా వినండి. ఏడిస్ గుడ్లు నీళ్లలో తేలవు. నీటిమట్టానికి కాస్త పైన డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పోయినా ఎండి, నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి.

కాబట్టి పారబోయడం సగం పనే. లోపలి గోడను గట్టి బ్రష్‌తో గీకి కడగడం మిగతా సగం. ఆ కడిగిన నీళ్లను ఇంకో తొట్టిలో పోయకండి. ఎండిన నేల మీద పారబోయండి.

మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఈ పని వారానికి ఒకసారి తప్పనిసరి. తెలంగాణలో 2020లో మొదలైన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ కార్యక్రమం వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. మీ పది నిమిషాలు ఇలా పెట్టండి:

1. డాబా: డ్రమ్ములు, బకెట్లు గీకి కడగండి. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, నీళ్లు నిలిచే టార్పాలిన్ మడతలు తీసేయండి.
2. ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు: మూత సందు లేకుండా పడుతోందా చూడండి. ఓవర్‌ఫ్లో పైపుకి సన్నటి జాలీ కట్టండి.
3. ఇంట్లో: ఫ్రిజ్ వెనకాల ట్రే, కుండీల కింది ప్లేట్లు, మనీప్లాంట్ సీసా, ఏసీ నీళ్లు పడే బకెట్.
4. కూలర్: వాడకపోతే పూర్తిగా ఆరబెట్టండి. వాడుతుంటే వారానికోసారి గడ్డితో సహా శుభ్రం చేయండి.

ఒక హెచ్చరిక. మొదటి వారంలోనే ఫలితం కనిపించలేదని ఆగిపోకండి. ఇప్పటికే ఎగురుతున్న దోమలు ఇంకో రెండు మూడు వారాలు బతకొచ్చు. మీరు ఆపింది కొత్తవాటిని. మూడు ఆదివారాలు వరుసగా చేయండి. తేడా అప్పుడు తెలుస్తుంది. అప్పటికీ తగ్గకపోతే పక్కింటి డాబా చూడాలి. గొడవకు వెళ్లొద్దు. “మనిద్దరం కలిసి చూద్దాం అన్నా, పది నిమిషాలే” అని పిలవండి.

ప్లాన్ 2: రాత్రి దోమకు తెర

నాలాని మీరు ఒక్కరే బాగు చేయలేరు. అది మున్సిపాలిటీ పని. ఫిర్యాదు చేయండి, వెంటపడండి. ఈలోగా మీ చేతిలో ఉన్నది దోమకూ మీకూ మధ్య అడ్డు పెట్టడం.

- కిటికీలకు, వెంటిలేటర్లకు జాలీ బిగించండి. బాత్రూమ్ వెంటిలేటర్‌ని మర్చిపోకండి.
- సెప్టిక్ ట్యాంకు ఉంటే గాలి గొట్టానికి జాలీ కట్టండి. క్యూలెక్స్ అక్కడి నుంచీ వస్తుంది.
- దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపండి. చెయ్యో కాలో తెరకు ఆనితే దోమ బయట నుంచే కుడుతుంది. అందుకే తెర కాస్త వెడల్పుగా ఉండాలి. చిరుగు కనిపిస్తే అదే రోజు కుట్టేయండి.

హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సింగిల్ కాట్ దోమతెర ఒకటి కొనుక్కోండి. పగలు నిద్రపోయే పసిపిల్లలకు, పెద్దవాళ్లకు కూడా తెర కావాలి. ఇంట్లో ఎవరికైనా డెంగీ జ్వరం వస్తే ఆ మనిషిని పగలు కూడా తెరలోనే పడుకోబెట్టండి. వాళ్లను కుట్టిన ఏడిస్ కొన్ని రోజుల తర్వాత మిగతావాళ్లకు వైరస్ అంటిస్తుంది.

ఏది పనిచేస్తుంది? ఏది చేయదు?

*క్రీములు:* డీట్, పికారిడిన్ ఉన్నవి పనిచేస్తాయి. శాతం పెరిగితే ఎక్కువసేపు పనిచేస్తాయి. రాయని చోటే దోమ వాలుతుంది, కాబట్టి చీలమండలు, మెడ వెనక భాగం వదలొద్దు. చెమట పడితే మళ్లీ రాయాలి. చిన్నపిల్లల అరచేతులకు రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలల లోపు పసికందులకు క్రీము వద్దు, తెర చాలు.

*లిక్విడ్ మెషీన్లు:* గదిలో పనిచేస్తాయి. పడుకోవడానికి అరగంట ముందు పెట్టండి. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్ ఫుల్‌గా తిప్పితే మందు గదిలో నిలవదు.

*కాయిల్స్:* దోమల్ని తరుముతాయి. కానీ ఆ పొగ సిగరెట్ పొగలాగే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మూసిన గదిలో వద్దే వద్దు.

*ఫాగింగ్:* ఆ క్షణంలో గాలిలో ఎగిరే దోమల్ని చంపుతుంది. డ్రమ్ములోని లార్వాని తాకదు. మంచం కింద, బట్టల వెనక దాక్కున్న ఏడిస్‌ని చాలావరకు అందుకోలేదు.

*శబ్దంతో దోమల్ని తరిమే పరికరాలు, ఫోన్ యాప్‌లు:* పనిచేయవు. ఆ డబ్బుతో జాలీ కొనండి.

నిలిచిన నీళ్లు పారబోసే ఈ పద్ధతి కొత్తదేం కాదు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ సర్ రొనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. 1897లో సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టారు. ఆ తర్వాత 1902లో దోమల నిర్మూలన దళాల మీద పుస్తకమే రాశారు. ఇంటింటికీ తిరిగి నీళ్లు నిలిచే డబ్బాలు, తొట్లు ఖాళీ చేయించడం ఆ దళాల పని. నూటపాతికేళ్లయినా పద్ధతి మారలేదు.

ఇవాళ ఏ వారమైనా సరే, ఆదివారం కోసం ఆగకండి. టార్చ్ తీసుకోండి, బ్రష్ తీసుకోండి, డాబా ఎక్కండి. ముందు ఆ పగిలిన మూత ఉన్న డ్రమ్ముతో మొదలుపెట్టండి.