ఐరన్ బిళ్లలు వేసుకున్నా రక్తం ఎందుకు పెరగలేదు?



"మూడు నెలలుగా ఐరన్ బిళ్లలు వేసుకుంటున్నాను, రక్తం పెరగలేదండీ" అని కొందరు రోగులు మాతో అంటుంటారు. ఇందుకు ఒక ముఖ్య కారణం తెలియాలంటే, శరీరం ఇనుమును ఎలా కాపలా కాస్తుందో చూడాలి.

పెద్దవారి శరీరంలో 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అది లేకపోతే రక్తం ప్రాణవాయువును మోయలేదు. కాని అదే ఇనుము విడిగా తిరిగితే కణాల పొరలను పాడుచేస్తుంది, రోగక్రిములకు మేత అవుతుంది. అందుకే శరీరం దానిని విడిగా వదలదు. రక్తంలో ఇనుమును మోసే బండి ట్రాన్స్‌ఫెర్రిన్ అనే మాంసకృత్తు. దాచి ఉంచే గాదె ఫెరిటిన్. ఇనుము రక్తంలోకి వచ్చే తలుపులు పేగుల్లోను, గాదెల దగ్గర కూడా ఉంటాయి. వాటిని మూయించేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్. ఎక్కువైన ఇనుమును బయటకు పంపే దారి శరీరానికి లేదు గనుక కాపలా అంతా ఈ తలుపుల దగ్గరే.

ఒక ఉదాహరణ చూద్దాం. కీళ్లవాతంతో బాధపడే 48 ఏళ్ల తల్లికి హిమోగ్లోబిన్ 9 ఉంది. మామూలు ఇనుము లోపమైతే ఫెరిటిన్ 15 కంటే తగ్గుతుంది. ఆమెకు 260 ఉంది. కాని ట్రాన్స్‌ఫెర్రిన్ 12 శాతమే నిండింది. సాధారణంగా 20 శాతం పైన ఉండాలి. అంటే గాదె నిండుగా ఉంది, బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయి.

కీళ్లలోని వాపును చూసి, క్రిములు వచ్చినప్పుడు చేసినట్లే కాలేయం హెప్సిడిన్‌ను పెంచి తలుపులు మూసింది. ఇక మింగిన బిళ్లలో చాలా భాగం మలంతో పోతుంది. ఆమెకు ముందు కీళ్లవాతానికి వైద్యం జరగాలి. వాపు తగ్గితే తలుపులు తెరుచుకుంటాయి, రక్తం క్రమంగా పెరుగుతుంది. క్షయ, దీర్ఘకాల కిడ్నీ జబ్బులలో కూడా ఇలా జరుగుతుంది.

అయితే వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. కాబట్టి 60 లేక 80 వచ్చినా లోపల ఇనుము లోపం దాగి ఉండవచ్చు. ఆ ఒక్క అంకె చూసి బిళ్లలు మీరే మానవద్దు, రెండింతలు చేయవద్దు. గర్భిణీలు డాక్టరు చెప్పినట్లే వాడాలి.

ఇంకొక్క మాట. చిన్నపిల్లలు మిఠాయి అనుకొని ఈ బిళ్లలు గుప్పెడు మింగితే బండ్లన్నీ నిండిపోయి, మిగిలిన ఇనుము రక్తంలో విడిగా తిరుగుతుంది. మొదట వాంతులు, విరేచనాలు అవుతాయి. తరువాత కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్లు కనిపించి, ఆపైన కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు ఆగాయని ఇంట్లో ఉండిపోకండి. ఖాళీ బిళ్లల అట్టతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బిళ్లలను పిల్లలకు అందకుండా పై అరలో ఉంచండి.