తిమింగలం నోట్లో పడ్డ నీళ్లు ఏమవుతాయి?

ప్రశ్న: పళ్లు లేని తిమింగలం చిన్న రొయ్యల్లాంటి క్రిల్‌ని ఎలా పట్టుకుంటుంది? నీళ్లన్నీ మింగేస్తుందా?
– ఒక పాఠకురాలు, సుచిత్ర, హైదరాబాద్

జవాబు: మింగదండీ, బయటికి తోసేస్తుంది. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి కొట్టుకొచ్చిందని పత్రికలు రాసిన నీలి తిమింగలం ఈ పళ్లు లేని రకానిదే. దాని దగ్గరి బంధువు ఫిన్ తిమింగలాన్ని చూద్దాం. క్రిల్ గుంపు మీదికి వేగంగా దూసుకెళ్లి నోరు తెరుస్తుంది. గొంతు కింది ముడతలు సాగి, సుమారు 70 వేల లీటర్ల నీరు లోపలికొస్తుంది. మీ సుచిత్ర ప్రాంతంలో తిరిగే పదివేల లీటర్ల ట్యాంకర్లు ఏడన్నమాట! ఆ నీటి తాకిడికి తిమింగలం దాదాపు ఆగిపోతుంది.

తర్వాత నోరు మూసి, గొంతు కండరాలు బిగిస్తుంది. పైదవడ నుంచి వేలాడే పలకల సందుల్లోంచి నీరు బయటికి పోతుంది. మన గోళ్ల పదార్థమే ఈ పలకలది. లోపలి అంచు అరిగి పీచుగా అల్లుకుపోతుంది, క్రిల్ అక్కడ చిక్కుతుంది. ఆ నీరు గొంతులోకి జారకుండా కొవ్వు, కండరాలతో తయారైన ఒక బిరడా అడ్డుపడుతుంది. దీన్ని 2022లోనే గుర్తించారు.

ఒక్కో పుక్కిలికి దక్కేది పది కిలోల క్రిల్. గుంపు పలచగా ఉంటే దూకిన శ్రమకు గిట్టుబాటు కాదు.